ప్రోగ్రెస్ కార్డులో ఆ పిల్ల గురించి రాసే ముందు

బిడ్డా,

నీకు ఉద్యోగం వచ్చిందని విన్నప్పటికంటే, మొదటి ప్రోగ్రెస్ కార్డులు రాయడానికి కూర్చున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పుడు ఎక్కువ సంతోషమైంది. ఆ వెంటనే ఇంకో మాట కూడా చెప్పింది. రెండో తరగతిలో తండా నుంచి వచ్చే పిల్ల ఒకతి ఉందట, జూన్ నుంచి నోరు విప్పదట, ఆమె కార్డులో "మాట్లాడదు, తెలుగు రాదు" అని రాద్దామనుకుంటున్నావట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే ఇది రాస్తున్నా.

మిగతా పిల్లల కార్డుల గురించి నేను చెప్పేదేమీ లేదు. హాజరు సరిచూసుకో, మార్కులు రిజిస్టర్‌తో కలిపి చూసుకో, ఎవరి అన్నదమ్ములతోనూ పోల్చి రాయకు. ఈ పిల్ల సంగతే కొంచెం ఓపిగ్గా విను.

1991లో నేను దేవరకొండ వైపు ఒక బడిలో పనిచేసేదాన్ని. మూడో తరగతిలో నీ దగ్గరున్న పిల్లలాంటిదే ఒక పిల్ల ఉండేది. ఇంట్లో లంబాడీల భాష గోర్‌బోలీ, బడిలో తెలుగు. ఏమడిగినా తల దించుకునేది. ఏడాది చివర ఆమె కార్డులో ఎర్ర సిరాతో "మాట్లాడదు. చెప్పింది అర్థం కాదు. చదువులో చాలా వెనుకబడింది" అని రాశాను. రాసేటప్పుడు నా చేయి వణకలేదు బిడ్డా. నిజమే రాస్తున్నాననుకున్నా.

ఎండాకాలం సెలవుల్లో సంతకు పోతే ఆ పిల్ల నానమ్మతో కనబడింది. ఉల్లిగడ్డలమ్మే అతను "కిలో నాలుగు రూపాయలు, మూడు కిలోలు తీసుకుంటే పదకొండుకిస్తా" అన్నాడు. పిల్ల ఆ మాటను నానమ్మకు గోర్‌బోలీలో చెప్పింది. ముసలామె ఇరవై నోటు ఇచ్చింది. అతను ఎనిమిది రూపాయలు తిరిగిచ్చి వెనక్కి తిరిగాడు. పిల్ల అతని చేయి తట్టి, ఒక వేలు చూపించి, "రూపాయి" అంది. అంతే, ఒక్క మాట. కానీ ఆ ఒక్క మాట వెనుక అతను చెప్పిందంతా తెలుగులో అర్థం చేసుకోవడం ఉంది, దాన్ని ఇంకో భాషలోకి మార్చడం ఉంది, ఇరవైలోంచి పదకొండు తీసేయడం ఉంది. నేను రెండు గంపల అవతల నిలబడి చూస్తూనే ఉన్నా.

అప్పటికే కార్డు ఇంటికి పోయింది. రిజిస్టర్‌లోనూ అదే ఎక్కింది. నాకు వేరే ఊరికి బదిలీ అయింది. నా తర్వాత వచ్చిన టీచర్ నా రాత చదివి ఆ పిల్లను చివరి వరసలో కూర్చోబెట్టారని, చదవమని ఎప్పుడూ లేపలేదని తర్వాత తెలిసింది. దసరాకు బడి మానేసింది. నేను తండాకు పోయి అడిగితే వాళ్ల నాయన కోపం కూడా లేకుండా, "మీరే రాసిండ్రు కద మేడం, పిల్లకు అర్థం గాదని. చదివిచ్చుకుంటే తెలిసింది" అన్నాడు. ఆ పిల్ల మేకల వెంట పోయింది. మళ్లీ బడికి రాలేదు.

అందుకే చెప్తున్నా, మాట్లాడకపోవడం వేరు, అర్థం కాకపోవడం వేరు. కొత్త భాషలో పడ్డ పిల్లలు చాలామంది మొదట కొన్ని నెలలు వింటూనే ఉంటారు. వాళ్లకు విని అర్థం చేసుకోవడం ముందు వస్తుంది, మాట వెనుక వస్తుంది. పైగా ఇప్పుడు మీ పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషు కదా, ఆ పిల్లకు ఇంగ్లీషు మూడో భాష. ఆటల్లో, వంటగది దగ్గర పనికొచ్చే తెలుగు ఒకటి రెండేళ్లలో వస్తుంది. పాఠంలో తెలుగు, లెక్కల్లో రాతప్రశ్నల తెలుగు పూర్తిగా పట్టుబడాలంటే ఐదేళ్లు, అంతకన్నా ఎక్కువ కూడా పడుతుంది. అక్టోబర్‌లో మౌనంగా ఉందని ఆశ్చర్యపోవద్దు.

కామెంట్ రాసే ముందు ఓ వారం చూడు. తల ఊపిందని అర్థమైందనుకోకు, భయానికి కూడా ఊపుతారు. "ఆవు చెట్టెక్కుతుందా?" అని అడుగు. దానికీ తల ఊపితే నీ మాట ఇంకా అందలేదన్నట్టు. నవ్వితే అందినట్టే. "నోట్‌బుక్ బ్యాగులో పెట్టి, ఎర్ర పెన్సిల్ కాకుండా నీలం పెన్సిల్ తీసుకురా" అని చెప్పు. చెప్పేటప్పుడు చేయి చూపకు, పెన్సిళ్ల వైపు చూడనైనా చూడకు, పిల్లలు మన కళ్లను బట్టి పట్టేస్తారు. అందరికంటే ముందు ఆమెకే చెప్పు, లేకపోతే పక్కవాళ్లను చూసి చేస్తుంది. కథ చెప్పి నాలుగు బొమ్మలు ఇచ్చి వరసలో పెట్టమను. లెక్కల్లో 7 + 5 చేసి, అదే లెక్క మాటల్లో ఇస్తే ఆగిపోతే, ఆగింది కూడిక దగ్గర కాదు, తెలుగు దగ్గర. ఏ రోజు ఏం చేసిందో తేదీ వేసి రాసిపెట్టుకో.

ఒక్కటి మాత్రం మరచిపోకు. తల్లిని అడుగు, ఇంట్లో గోర్‌బోలీలో బాగా మాట్లాడుతుందా అని. మాట్లాడితే టెన్షన్ లేదు. అక్కడా మాట లేదంటే, వెనుక నుంచి పిలిస్తే తిరగదంటే, అది భాష సంగతి కాకపోవచ్చు. పిల్లల ఆరోగ్యం చూడడానికి బడికొచ్చే ఆర్‌బీఎస్‌కే డాక్టర్లకు చెవులు చూపించు.

నేనైతే ఇలా రాస్తాను:

"తరగతిలో రోజూ చెప్పే మాటలను అర్థం చేసుకుంటోంది. సైగ లేకుండా రెండు పనులు కలిపి చెప్పినా వరసగా చేస్తోంది. కథ విని నాలుగు బొమ్మలను సరైన క్రమంలో పెట్టింది. పాఠంలోని కొత్త మాటలకు ఇంకా బొమ్మల సాయం కావాలి. తెలుగులో ఇప్పుడు 'నీళ్లు కావాలి', 'అయిపోయింది' వంటి ఒకటి రెండు మాటలతో జవాబిస్తోంది. ఇంట్లో గోర్‌బోలీలో ధారాళంగా మాట్లాడుతుందని తల్లి చెప్పారు. బొమ్మ చూసి పూర్తి వాక్యం చెప్పడం తర్వాతి మెట్టు. జవాబుకు కొంచెం సమయమిస్తే, పక్కన గోర్‌బోలీ తెలిసిన స్నేహితురాలు ఉంటే ఎక్కువ చెబుతోంది."

ఇందులో ప్రతి మాట నువ్వు కళ్లారా చూసిందో, తల్లి చెప్పిందో అయి ఉండాలి. ఆమె చేయనిది నా కామెంట్ చూసి దించుకోకు. జాలిపడి "అన్నీ అర్థమవుతాయి" అని కూడా రాయకు. అలా రాస్తే వచ్చే ఏడాది టీచర్ పాఠం చెప్పేసి ముందుకు పోతారు, ఆమెకు బొమ్మ చూపించేవాళ్లుండరు. పాఠం మధ్యలో ఆమె ఎక్కడ ఆగుతుందో కూడా వాళ్లకు తెలియాలి. "ఇంట్లో తెలుగే మాట్లాడండి" అని మాత్రం రాయకు. తల్లి దగ్గర ఆ పిల్ల ఏ భాషలో కథలు వింటుందో, ఆలోచన కూడా ఆ భాషలోనే పెరుగుతోంది.

కోప్పడుతున్నాననుకోకు బిడ్డా. బడి దాకా రోజూ బస్సు దిగి నడిచి పోతున్నావని మీ అమ్మ చెప్పింది, ఎండలో తలకు చున్నీ కట్టుకో. కార్డు ఇచ్చే రోజు ఆ తల్లిని కూర్చోబెట్టి నువ్వే చదివి వినిపించు, గోర్‌బోలీ తెలిసిన ఐదో తరగతి పిల్ల ఎవరినైనా పక్కన పెట్టుకో. ఇంకొకరితో చదివించుకునే అవసరం ఆ ఇంటికి రానీయకు.

రాసిన తర్వాత నాకు ఫోన్ చేసి ఒకసారి చదువు. రాత్రి ఎంత ఆలస్యమైనా ఎత్తుతా.

మీ పెద్దమ్మ