పంపే ముందు ఆయన కళ్ళతో ఒకసారి చదువు

చిన్నమ్మాయికి,

నువ్వు పంపమంటావా వద్దా అని అడుగుతూ నాకు పెట్టిన ఈమెయిలు నమూనా చదివాను. ఇంకా పంపలేదుగా, మంచి పని చేశావు. అందులో తప్పు సమాచారం ఒక్కటీ లేదు. భాషలో దోషమూ లేదు. అయినా అది అలాగే వెళ్తే ఆ రచయిత మనసు కష్టపెట్టుకుంటారు. పత్రిక డెస్కు మీద ఉద్యోగమంటే సగం రోజు రచయితలకు ఉత్తరాలు రాయడమే కాబట్టి, పంపే ముందు స్వరం ఎలా చూసుకోవాలో నీ ఉత్తరాన్నే పట్టుకుని చెబుతాను.

ముందు నువ్వు రాసింది ఇక్కడ పెడతాను. మళ్ళీ కొత్తగా చూడు.

"నమస్తే. మీ కథ అందింది. సంపాదకవర్గం పరిశీలించింది. నిడివి ఎక్కువగా ఉంది, 2,500 పదాలకు కుదించండి. ముగింపు స్పష్టంగా లేదు, మార్చండి. కథ యూనికోడ్‌లో లేదు. మా నియమాల్లో ఇదివరకే చెప్పాము కదా. యూనికోడ్‌లోనే పంపండి. 20వ తేదీలోగా అందకపోతే ఈ సంచికలో వేయడం కుదరదని గమనించగలరు."

ఇది రాసేటప్పుడు నీ మనసులో ఏ విసుగూ లేదని నాకు తెలుసు. కథ నీకు నచ్చిందనీ నాతో ఫోన్‌లో అన్నావు. చిక్కు అక్కడే ఉంది. రాసినవాళ్ళ చెవిలో తమ గొంతు మోగుతూ ఉంటుంది కాబట్టి అక్షరాల్లోనూ అదే వినిపిస్తుందనుకుంటారు. అమెరికాలో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు తోటి పరిశోధకులతో కలిసి దీన్ని పరీక్షించి 2005లో ప్రచురించారు. కొన్ని మాటలు మామూలుగానూ కొన్ని వెటకారంగానూ పంపమన్నారు. ఈమెయిల్లో రాసినా అవతలివాళ్ళు నూటికి 78 సార్లు సరిగ్గా పోల్చుకుంటారని పంపినవాళ్ళు అనుకున్నారు. తీరా చూస్తే పోల్చుకున్నది 56 సార్లే. కళ్ళు మూసుకుని ఊహించినా 50 వస్తుంది. అదే మాటలు గొంతుతో వినిపించినప్పుడు 73 దాకా వచ్చింది.

ఆ పరిశోధనలోనే నీకు పనికొచ్చే కిటుకు ఒకటుంది. తాము రాసినదాన్ని అసలు ఉద్దేశానికి విరుద్ధమైన స్వరంలో పైకి చదివినవాళ్ళకు ఈ అతి నమ్మకం తగ్గింది. కాబట్టి మొదటి పని ఇది. తలుపు వేసుకుని నీ ఉత్తరాన్ని చిరాకులో ఉన్న ఆఫీసరు గొంతుతో పైకి చదువు. "కుదించండి", "మార్చండి", "పంపండి" అని. ఆ గొంతుకు వాక్యాలు ఏ ఇబ్బందీ లేకుండా అతికిపోయాయా? అయితే చదివేవారికీ ఆ గొంతే వినిపించే వీలుంది. బాగా రాసిన ఉత్తరం ఆ గొంతుతో చదువుదామన్నా నాలుక తిరగదు.

రెండోది, చదివేది ఎవరో ఒక్క వాక్యంలో కాగితం మీద రాసుకో. "రచయిత" అని రాస్తే సరిపోదు. నువ్వు చెప్పినదాన్ని బట్టి నేనైతే ఇలా రాస్తాను: డెబ్బై ఏళ్ళు దాటిన రిటైర్డు మాస్టారు, కథ పంపి నాలుగు నెలలైంది, మన దగ్గర్నుంచి ఇదే మొదటి కబురు, ఫోన్‌లో చూస్తారు. ఇప్పుడు ఆ ఫోన్ ఆయన చేతిలో ఉందనుకో. తెర మీద ముందు కనిపించేది విషయం పంక్తి, దాని కింద మొదటి ఆరేడు మాటలు. నువ్వు విషయంలో "కథలో మార్పులు" అని రాశావు. ఆయనకు కావలసిన జవాబు ఒక్కటే, వేస్తున్నారా లేదా అని. ఉత్తరం ఆసాంతం చదివినా ఆ జవాబు దొరకదు! కథ తీసుకున్నట్టు నువ్వు ఎక్కడా చెప్పలేదు. నీకు తెలుసు గనక ఆయనకూ తెలుసనుకున్నావు.

అందుకే ఒక్కో వాక్యం దగ్గర ఆగి, పక్కన ఆయన మనసులో ఏమనుకుంటారో రాయి. "అందింది" దగ్గర "నాలుగు నెలల తర్వాతా?" అనుకుంటారు. "సంపాదకవర్గం పరిశీలించింది" దగ్గర "నచ్చిందా లేదా?" "స్పష్టంగా లేదు" దగ్గర "వీళ్ళకు అర్థం కాలేదా, నాకు రాయడం రాదంటున్నారా?" యూనికోడ్ దగ్గరకు వచ్చేసరికి ఆయనకు చాలా పని కనిపిస్తుంది. ఆ తరం రచయితలు చాలామంది చేత్తో రాసి డీటీపీ సెంటర్లో ఇస్తారు. అక్కడ యూనికోడ్ కాని 'అను' అనే పాత ఫాంట్లలో కొట్టి ఇస్తారు. మళ్ళీ ఆ షాపుకు వెళ్ళి, ఆ కుర్రాడికి యూనికోడ్ అంటే ఏమిటో చెప్పి, మళ్ళీ డబ్బిచ్చి చేయించుకోవాలి. నీకు కన్వర్టర్‌లో వేసి, ఒత్తులు ఎక్కడైనా చెదిరితే సరిచూసుకునే పని.

మూడోది గుర్తులు పెట్టడం. ప్రింటు తీసుకుని పెన్సిలుతో చెయ్యి. తెర మీద కళ్ళు జారిపోతాయి. పెత్తనంగా వినిపించే మాట కింద గీత గీయి. ముభావంగా వినిపించే మాట చుట్టూ సున్నా చుట్టు. రెంటినీ కలపొద్దు, ఎందుకంటే మందు వేరు. పెత్తనానికి కారణమో, ఎంచుకునే వీలో కలపాలి. ముభావానికి మనిషిని కలపాలి.

నీ ఉత్తరంలో గీతలు ఎక్కడ పడతాయో చూడు. "కుదించండి", "మార్చండి", "పంపండి". "అండి" ఉంది కదా, మర్యాదే కదా అంటావు. ఒక్కటైతే మర్యాదే. కారణం లేకుండా వరసగా మూడు వస్తే పని పురమాయించినట్టే ఉంటుంది. "గమనించగలరు" కూడా గీతలోకే వస్తుంది. పైకి మెత్తగా కనిపిస్తుంది గానీ దాన్ని మనం ఎక్కువగా చదివింది నోటీసు బోర్డుల మీద, బిల్లుల కింద. ఆ వాసన దాన్ని వదలదు.

తెలుగులో అసలు స్వరం దాక్కునేది చిన్న మాటల్లో. "ఇదివరకే చెప్పాము కదా"లో "కదా" తీసేసి చదువు, సగం నింద పోతుంది. "యూనికోడ్‌లోనే"లో ఆ చివరి దీర్ఘం వేలు చూపించినట్టుంటుంది. "కనీసం", "అయినా", "మళ్ళీ", "ఇంకా" అనేవీ ఇంతే. "ఇంకా రాలేదు" అంటే రాలేదన్న సమాచారంతోపాటు ఇప్పటికే రావలసిందన్న దెప్పూ చేరుతుంది. నోటితో అంటే నవ్వు తోడుంటుంది, కాగితం మీద ఉండదు. చాలామంది వీటిని వదిలేసి పెద్ద మాటలకే గుర్తులు పెడతారు.

"దయచేసి" చేరిస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే వినకు. "దయచేసి వెంటనే పంపండి" అన్నది చాలాసార్లు ఓపిక నశించినవాళ్ళు రాసే వాక్యంలాగే వినిపిస్తుంది.

ఇక సున్నాలు. "అందింది", "పరిశీలించింది". రెండింట్లోనూ మనుషులు లేరు. చదివింది నువ్వు, నీ పక్క సీటు ఆవిడ. సంపాదకవర్గం అనగానే మొహం లేని గుంపు వచ్చి కూర్చుంటుంది. అలాగే లేని మాటకూ ఖాళీలో ఒక సున్నా పెట్టు. ఆయన పేరు పెట్టి పిలవలేదు, ఆలస్యానికి ఒక్క మాట లేదు, కథలో ఏం నచ్చిందో లేదు. రాసిన మాట కంటే రాయని మాటే ఎక్కువ ముభావంగా ఉంటుందని నా నమ్మకం.

ఇదంతా చూసుకుని నేనైతే ఇలా రాస్తాను. విషయం పంక్తిలో "మీ కథ సెప్టెంబరు సంచికకు తీసుకున్నాం, రెండు సందేహాలు" అని పెట్టి:

"మాస్టారు గారికి నమస్కారం. మీ కథ సెప్టెంబరు సంచికలో వేస్తున్నాం. జవాబు ఇవ్వడానికి నాలుగు నెలలు పట్టింది, మన్నించండి. బస్టాండులో తండ్రీ కూతుళ్ళ మాటలు నాకు చాలా నచ్చాయి.

మీతో రెండు విషయాలు మాట్లాడాలి. కథకు మాకు నాలుగు పేజీలు ఉంటాయి, సుమారు 2,500 పదాలు. మీది 3,100 దాకా వచ్చింది. రెండో భాగంలో ఊరి వర్ణన కొంత తగ్గించవచ్చని నాకు అనిపించింది. ఎక్కడ తగ్గించాలో మీ ఇష్టం. చివర్లో కూతురు ఊళ్ళోనే ఉండిపోయిందా, వెళ్ళిపోయిందా అన్నది నాకు తేలలేదు. కావాలనే అలా వదిలేసి ఉంటే అలాగే ఉంచుదాం. లేదంటే ఒకటి రెండు వాక్యాలు కలపగలరేమో చూడండి.

యూనికోడ్‌లోకి మేమే మార్చుకుంటాం. పేజీలు 20వ తేదీ సాయంత్రం ప్రెస్సుకు వెళ్తాయి. మీ ప్రతి 18కల్లా చేరితే ప్రూఫు మీకు ఒకసారి చూపించగలను. అప్పటికి కుదరకపోతే చెప్పండి, అక్టోబరులో వేద్దాం."

బస్టాండు మాటలు నీకు నిజంగా నచ్చాయన్నావు కాబట్టే ఆ వాక్యం రాశాను. నచ్చకపోతే రాయొద్దు, అబద్ధపు మెప్పును రచయితలు ఇట్టే పసిగడతారు. 2,500 పోలేదు, తేదీ పోలేదు. "స్పష్టంగా లేదు" అన్న తీర్పు "నాకు తేలలేదు" అయింది. అది మొహమాటం కాదు, అంతకంటే నిజం. ఆయన కావాలనే వదిలేశారేమో నీకు తెలియదు కదా.

పెట్టిన ప్రతి గుర్తునూ చెరిపేయాలని లేదు. "20వ తేదీ" కిందా నువ్వు గీత గీస్తావు, అది ఉండాల్సిందే. తేదీ పెత్తనంగా అనిపించేది కారణం లేనప్పుడే. మెత్తన చేయబోయి "మీకు వీలున్నప్పుడు పంపండి" అని రాశావనుకో, సంచిక మూశాక కథ వస్తుంది. అప్పుడు ఇంకా కటువైన ఉత్తరం రాయాల్సి వస్తుంది. సరిచేశాక ఒక్క ప్రశ్న వేసుకో: ఆయన ఏం చేయాలి, ఎప్పటికి? జవాబు వెంటనే దొరక్కపోతే మెత్తదనం ఎక్కువైందన్నమాట.

ఈ ఊహకూ హద్దుంది. అసలు పరిచయం లేని మనిషి ఎలా తీసుకుంటారో నువ్వు ఒక్కదానివే కూర్చుని ఊహిస్తే, నీలాగే తీసుకుంటారని అనుకుంటావు. అలాంటప్పుడు పక్క సీటు ఆవిడకు చూపించు. "బాగుందా?" అని అడగకు, బాగుందనే అంటారు. "ఇది రాసినావిడకు కోపం వచ్చిందనిపిస్తోందా? ఎక్కడ?" అని అడుగు. వేలు పెట్టి చూపిస్తారు. నీకే కోపంగా ఉన్న రోజైతే అడ్రసు గడి ఖాళీగా ఉంచి రాసుకుని, మధ్యాహ్నం భోజనం అయ్యాక చూడు. అదే ముగింపు గురించి ఆయనా నువ్వూ రెండుసార్లు రాసుకున్నా తేలకపోతే మూడో ఈమెయిలు వద్దు, ఫోన్ చెయ్యి. మాస్టార్లకు సాయంత్రం అయిదు తర్వాత చేస్తే తీరిగ్గా మాట్లాడతారు.

మార్చి రాశాక నాకు మళ్ళీ పంపనక్కర్లేదు. నేరుగా ఆయనకే పంపు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ