చెక్కు మీద అంకెల్లో ఒకటి, హిందీ అక్షరాల్లో మరొకటి: ఏది చెల్లుతుంది?

ప్రశ్న: గుంటూరులో మిర్చి వ్యాపారం చేస్తున్నాను. కాన్పూరు కొనుగోలుదారు రూ.4,79,650 బిల్లుకు చెక్కు పంపాడు. అంకెలు సరిగ్గానే ఉన్నాయి కానీ హిందీ అక్షరాల్లో 'చార్ లాఖ్ నవాసీ హజార్ ఛహ్ సౌ పచాస్' అని ఉంది. అంకెలకూ అక్షరాలకూ తేడా ఉందని బ్యాంకు తిప్పి పంపింది. చట్టప్రకారం ఏ మొత్తం చెల్లుతుంది? చెక్కు బౌన్స్ కేసు వేయవచ్చా? ఇకపై బిల్లు మొత్తాన్ని హిందీలో కూడా రాయమని ఆయన అడుగుతున్నాడు, తప్పనిసరా?

జవాబు: నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 1881లోని 18వ సెక్షన్ ఈ విషయంలో సూటిగా ఉంది. అంకెలకూ అక్షరాలకూ తేడా వస్తే అక్షరాల్లో ఉన్న మొత్తమే చెల్లించాల్సిన మొత్తం. బ్యాంకుల వాడుకలో కూడా అక్షరాల్లో రాసినదాన్ని లీగల్ అమౌంట్ అనీ, అంకెల్లో ఉన్నదాన్ని కర్టసీ అమౌంట్ అనీ అంటారు. హిందీలో రాసినంత మాత్రాన ఈ సూత్రం మారదు. ఖాతాదారు చెక్కును ఇంగ్లీషులోగానీ, హిందీలోగానీ, ఆ ప్రాంతీయ భాషలోగానీ రాయవచ్చని రిజర్వు బ్యాంకు సూచనలు ఉన్నాయి. 'నవాసీ' అంటే 89. కాబట్టి కాగితం వరకు చూస్తే మీ చేతిలో ఉన్నది రూ.4,89,650 చెక్కు. డెబ్బై తొమ్మిదికి 'ఉన్యాసీ' అని రాసి ఉండాల్సింది.

అలాగని ఆ పదివేలు మీవి కావు. ఆయన మీకు బాకీ ఉన్నది సరుకు ధర 4,79,650 మాత్రమే. ఒకవేళ బ్యాంకు అక్షరాల ప్రకారం డబ్బు జమ చేసి ఉన్నా, పొరపాటున అందిన అదనపు సొమ్మును కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ కింద మీరు తిరిగి ఇవ్వాల్సిందే. చెక్కు ఎంత రాశారన్నది 18వ సెక్షన్ తేలుస్తుంది. మీకు ఎంత రావాలన్నది మాత్రం బిల్లు, తూకం చీటీ, లారీ రసీదు తేలుస్తాయి. ఈ రెంటినీ కలిపేసుకుని నోటీసులో 4,89,650 కట్టమని రాస్తే ఎదుటివారి వకీలు చేతికి మీరే ఆయుధం ఇచ్చినట్టు.

చట్టం అక్షరాలకే పెద్దపీట వేసినప్పుడు బ్యాంకు ఎందుకు తిప్పి పంపిందని మీకు సందేహం రావచ్చు. ఇప్పుడు చెక్కు కాగితం కాన్పూరు వెళ్లదు, సీటీఎస్ క్లియరింగులో దాని బొమ్మ మాత్రమే వెళ్తుంది. అక్కడి బ్యాంకుకు తన ఖాతాదారు అసలు ఉద్దేశం ఏమిటో స్పష్టంగా తెలియాలి. తేడా కనబడితే డబ్బు ఇచ్చి తరువాత తగాదా పడటం కంటే తిప్పి పంపడమే వారికి క్షేమం, వాడుక కూడా అదే. కనుక బ్యాంకుతో గొడవపడి లాభం లేదు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చేస్తున్నాను. ఆ చెక్కు మీద మీ చేత్తో ఏమీ దిద్దవద్దు. ఇచ్చినవారి అనుమతి లేకుండా మొత్తాన్ని మార్చడం ముఖ్యమైన మార్పు కిందికి వస్తుంది, 87వ సెక్షన్ ప్రకారం చెక్కే చెల్లకుండా పోతుంది. ఆయనే వచ్చి దిద్ది పక్కన సంతకం పెట్టినా పని జరగదు. సీటీఎస్ నిబంధనల ప్రకారం తేదీ తప్ప పేరు, అంకెలు, అక్షరాలు వేటిలో మార్పు చేయాలన్నా కొత్త చెక్కు రాయాల్సిందే.

ఇక బౌన్స్ కేసు సంగతి. 138వ సెక్షన్ ప్రధానంగా ఖాతాలో డబ్బు చాలనందువల్ల తిరిగొచ్చిన చెక్కులకు. సంతకం కలవకపోవడం వంటి కారణాలతో తిరిగొచ్చిన చెక్కులకు కూడా ఆ సెక్షన్ వర్తించవచ్చని సుప్రీం కోర్టు 2012లో చెప్పింది నిజమే. డబ్బు ఎగ్గొట్టాలని కావాలనే అక్షరాలు తప్పు రాశాడని మీరు చూపగలిగితే వాదనకు చోటుంది. మీ విషయంలో అలా కనబడటం లేదు, ఆయన రాసింది తనకే నష్టం కలిగించే తప్పు. పైగా చెక్కు సొగసుకు రాసిన అంకె కాదు, చట్టప్రకారం రావాల్సిన బాకీకి సరిపోవాలి. అది జమకు వేసే నాటికి మిగిలి ఉన్న బాకీ కంటే ఎక్కువ మొత్తానికి ఉంటే కేసు నిలవదని 2022లో సుప్రీం కోర్టు ఒక పాక్షిక చెల్లింపు వ్యవహారంలో తేల్చింది. ఆ తర్కం మీకు అడ్డు రావచ్చు. ఈ చెక్కు మీద క్రిమినల్ కేసు వేయమని నేను సలహా ఇవ్వను.

చేయాల్సింది ఇది. బ్యాంకు ఇచ్చిన రిటర్న్ మెమోను, చెక్కును జత చేసి దాచుకోండి. అది ఆయన సంతకంతో ఉన్న కాగితం, బాకీ ఒప్పుకున్నాడనడానికి పనికొస్తుంది. తేడా ఎక్కడుందో చెబుతూ ఆయనకు రాతపూర్వకంగా కబురు పెట్టి, ఏడు రోజుల్లో కొత్త చెక్కు పంపమని, లేదా మొత్తం రెండు లక్షలు దాటింది కాబట్టి ఆర్టీజీఎస్ చేయమని అడగండి. కొత్త చెక్కు డబ్బు లేక తిరిగొస్తే అప్పుడు 138వ సెక్షన్ పూర్తిగా మీ వైపే ఉంటుంది. బ్యాంకు సమాచారం అందిన 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి. అందుకున్నాక 15 రోజుల్లో ఆయన కట్టకపోతే, ఆ గడువు ముగిసిన నెల రోజుల్లోపు ఫిర్యాదు వేయాలి. 2015 సవరణ తరువాత, మీరు ఖాతా ద్వారా వసూలుకు వేసిన చెక్కు అయితే మీ ఖాతా ఉన్న శాఖ పరిధిలోని కోర్టులోనే కేసు నడుస్తుంది. కాన్పూరు తిరగనక్కరలేదు. ఆయన అసలు స్పందించకపోతే సివిల్ దావా దారి ఉంది. అరువు గడువు లేని సరుకుకు డెలివరీ తేదీ నుంచీ, గడువు ఉన్నదానికి ఆ గడువు ముగిసిన నాటి నుంచీ మూడేళ్లు లిమిటేషన్.

ఇప్పుడు హిందీ రాత. మీరు దాన్ని రాయకపోయినా, వచ్చిన చెక్కును చదవగలిగి ఉండాలి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. తెలుగులో డెబ్బై తొమ్మిది అంటే డెబ్బై, తొమ్మిది విడివిడిగా వినిపిస్తాయి. హిందీలో వందలోపు సంఖ్యలు ఒక్కో ముద్దగా ఉంటాయి, ఒకట్లే ముందు వస్తాయి. తొమ్మిదితో ముగిసేవాటిని చాలావరకు తరువాతి పదికి ఒకటి తక్కువ అన్నట్టు చెబుతారు: ఉన్నీస్ 19, ఉన్తీస్ 29, ఉన్తాలీస్ 39, ఉన్చాస్ 49, ఉన్సఠ్ 59, ఉన్హత్తర్ 69, ఉన్యాసీ 79. ఈ వరుస అలవాటైన చేయి 89 దగ్గర తడబడుతుంది. అక్కడ 'ఉన్' ఉండదు, నవాసీ అవుతుంది. 99 కూడా అంతే, నిన్యానవే. 79, 89 రెండూ 'ఆసీ' అనే ముగుస్తాయి కాబట్టి మీ కొనుగోలుదారు గుమాస్తా కలం జారిందక్కడే.

ఇంతకంటే ప్రమాదమైనవి ఒక్క అక్షరం తేడాతో ఉండే జంటలు. సాత్ అంటే 7, సాఠ్ అంటే 60. తకారం రాయాల్సిన చోట ఠకారం పడితే ఏడువేలు అరవైవేలవుతాయి. పచాస్ 50, పచాసీ 85. చివర ఒక్క దీర్ఘం కలిస్తే యాభైవేల చెక్కు ఎనభై అయిదు వేలది అవుతుంది, 18వ సెక్షన్ ఆ దీర్ఘాన్నే నమ్ముతుంది. సడ్‌సఠ్ 67, అడ్‌సఠ్ 68, మొదటి అక్షరమే తేడా. సైంతీస్ 37, సైంతాలీస్ 47, ఛత్తీస్ 36, ఛియాలీస్ 46 కూడా చెక్కు గీతలో ఇరుకుగా రాస్తే తేడా తెలియవు.

ఆరుకు 'ఛహ్' అని కొందరు, విసర్గతో 'ఛః' అని కొందరు రాస్తారు. 79ని 'ఉనాసీ' అనేవారూ ఉన్నారు. ఇలాంటి వర్ణక్రమ భేదం వల్ల మొత్తం మారదు, చదివినవారికి సంఖ్య అనుమానం లేకుండా తెలిస్తే చాలు. వేరే సంఖ్యగా చదవడానికి వీలైతేనే చిక్కు. ఫోనులో బేరాలకు వాడే మాటలు మాత్రం చెక్కు మీద పనికిరావు. 'పౌనే పాంచ్ లాఖ్' అంటే 4,75,000, 'సాఢే చార్ లాఖ్' అంటే 4,50,000, 'సవా చార్ లాఖ్' అంటే 4,25,000. 'పౌనే పాంచ్' విని మన గుమాస్తా అయిదు లక్షలని పద్దులో రాసుకుంటే నెలాఖరుకు లెక్క తేలదు.

మొత్తాన్ని ముక్కలు చేసి రాస్తే తప్పు తగ్గుతుంది. 4,79,650లో లక్షల దగ్గర 4, వేల దగ్గర 79, వందల దగ్గర 6, చివర 50. అంటే చార్ లాఖ్, ఉన్యాసీ హజార్, ఛహ్ సౌ, పచాస్. చివర 'రుపయే మాత్ర్' అని పెడితే తరువాత ఏదీ ఇరికించడానికి చోటుండదు. కష్టమైన పదం ఎప్పుడూ వేల దగ్గర, లక్షల దగ్గర, చివరి రెండంకెల దగ్గరే వస్తుంది, వందల దగ్గర తొమ్మిది దాటదు. కాబట్టి చెక్కు అందగానే అంకెలను కామాల దగ్గర విడగొట్టి, ఆ రెండంకెల ముక్కలనే హిందీ పదంతో పోల్చి చూడండి. తేడా ఉంటే బ్యాంకులో వేయకముందే తిప్పి పంపవచ్చు.

బిల్లు విషయానికొస్తే, జీఎస్టీ ఇన్వాయిస్‌లో ఏమేం ఉండాలో 2017 నిబంధనల్లోని 46వ నిబంధన చెబుతుంది. సరుకు విలువ, పన్ను రేటు, పన్ను మొత్తం, సరఫరా స్థలం వంటివి అందులో ఉన్నాయి. మొత్తాన్ని అక్షరాల్లో రాయాలని లేదు, హిందీలో రాయాలని అసలే లేదు. అది వ్యాపారుల ఆనవాయితీ. 18వ సెక్షన్ కూడా చెక్కులకు, ప్రామిసరీ నోట్లకు, హుండీల వంటి పత్రాలకే గానీ ఇన్వాయిస్‌కు వర్తించదు. బిల్లులో అక్షరాలు తప్పితే కోర్టు క్వింటాళ్లను ధరతో గుణించి, పన్ను కలిపి అసలు మొత్తం తేలుస్తుంది. అయినా తప్పు పదం ఎదుటివారికి చెల్లింపు ఆపడానికి సాకు అవుతుంది. ఆయన మాట కాదనలేక హిందీలో రాయదలచుకుంటే ఇంగ్లీషు వరుస కింద హిందీ వరుస వేసి, 'అంకెల్లో ఉన్న మొత్తమే ప్రామాణికం' అని ఒక వాక్యం బిల్లు షరతుల్లో చేర్చండి. ఇన్వాయిస్‌కు ఆ షరతు పెట్టుకోవచ్చు, చెక్కుకు మాత్రం 18వ సెక్షన్‌దే మాట.