హెయిర్ స్టైలిస్ట్‌కు వీడియోలు: ఏవి తీయాలి, ఎంతసేపు ఎడిట్ చేయాలి

ప్రశ్న: మా అమ్మాయి రెండేళ్లుగా ఒక సెలూన్‌లో హెయిర్ స్టైలిస్ట్‌గా పనిచేస్తోంది. ఫాలోవర్లు పెరగాలని రోజూ ఏదో ఒక వీడియో పెడుతుంది, అర్ధరాత్రి దాకా ఎడిటింగ్‌తో కూర్చుంటుంది. నాలుగు నెలలైనా మూడు వందలు దాటలేదు. ఆమెతో పాటు నేర్చుకున్న అమ్మాయికి వేలల్లో ఉన్నారు. ఇప్పుడు ఉద్యోగం మానేసి పూర్తిగా వీడియోలే చేస్తానంటోంది. ఎడిటింగ్ కోర్సులో చేర్పించాలా, తనంతట తాను నేర్చుకోగలదా? ఎలాంటి వీడియోలు చేయాలి? – ఒక తల్లి

జవాబు:

అమ్మా, ముందు ఉద్యోగం సంగతి తేల్చుకుందాం. మీ అమ్మాయి ఇప్పుడు ఉద్యోగం మానకూడదు. జీతం పోతుందన్నది ఒక్కటే కారణం కాదు. స్టైలిస్ట్ తీసే వీడియోకు ముడిసరుకు కుర్చీలో కూర్చునే మనిషి. ఒకరిది ఉంగరాల జుట్టు, ఒకరిది పలచబడిన పాపిట, మరొకరిది ఇంట్లో తామే కత్తిరించుకుని పాడుచేసుకున్న జుట్టు. ఇలా రోజుకో కొత్త సమస్య ఆమె చేతికి వచ్చేది సెలూన్‌లోనే. అది మానేసిన మర్నాటి నుంచి ఆమె దగ్గర మిగిలేది సాధన కోసం వాడే డమ్మీ తల, తన సొంత జుట్టు మాత్రమే. వాటితో ఎన్ని వారాలు కొత్త విషయం చెప్పగలదో ఆమెనే లెక్క వేసుకోమనండి.

పూర్తికాలం కంటెంట్ క్రియేటర్ అవుతామనే పిల్లలు, వారి వెనుక కంగారుపడే తల్లిదండ్రులు నా దగ్గరకు తరచుగా వస్తారు. ఆ దారి మీద నాకున్న సందేహం దాచను. వైరల్ పాటకు జుట్టు ఎగరేసే వీడియోను లక్ష మంది చూసినా, ఆ లక్ష మందిలో ఎక్కువమంది ఆమె కుర్చీ దాకా రాలేనంత దూరంలో ఉంటారు. వారు ఆ పాట కోసం ఆగారు, పాట మారగానే వెళ్లిపోతారు. దానికి భిన్నంగా, సెలూన్‌కు వచ్చిపోగల దూరంలో ఉన్నవారు ఎనిమిది వందల మంది ఆమె పని చూసి ఫాలో అయితే, స్టైలిస్ట్‌కు అది నిజమైన బలం. కాబట్టి వ్యూస్ సంఖ్యను పక్కన పెట్టి, వీడియోను ఎంతమంది సేవ్ చేసుకున్నారు, ఎంతమంది మెసేజ్ పెట్టి అడిగారు, అపాయింట్‌మెంట్‌కు వచ్చి ‘మీ వీడియో చూసి వచ్చాను’ అన్నవారెందరు, ఈ మూడింటినీ ఒక నోటు పుస్తకంలో రాసుకోమనండి.

ఇక మీతో ఒక మాట, కఠినంగా తోస్తే మన్నించండి. మీ ఉత్తరంలో ఇద్దరమ్మాయిల అంకెలున్నాయి గాని, మీ అమ్మాయి చేతిలో ఏ పని బాగా కుదురుతుందో ఒక్క వాక్యం లేదు. ఆమె కత్తిరింపులో దిట్టా, రంగు వేయడంలోనా, ఉంగరాల జుట్టును సరిచేయడంలోనా? మీకు తెలియకపోతే ఈ రాత్రే అడగండి. తోటి అమ్మాయి ఫాలోవర్లను ఇంట్లో లెక్కపెట్టడం దయచేసి ఆపండి. అర్ధరాత్రి ఎడిటింగ్‌కూ, ఉద్యోగం మానేస్తాననడానికీ వీడియోల మీద మోజు ఎంత కారణమో, ఆ పోలిక కూడా అంతే కారణమై ఉండవచ్చని నా అనుమానం.

వీడియో ఆలోచనల కోసం ఆమె వెతకవలసిన చోటు ట్రెండ్‌ల జాబితా కాదు, కుర్చీలో కూర్చున్నవారు అడిగే ప్రశ్న. ‘ఇక్కడ బాగుంటుంది, ఇంటికెళ్లి తలస్నానం చేశాక ఇలా ఉండదు, ఎందుకు?’ ‘లేయర్స్ చేయిస్తే నా జుట్టు ఇంకా పలచగా కనబడుతుందా?’ ‘రంగు వేయించిన కొన్ని వారాలకే ఎర్రగా ఎందుకు మారుతుంది?’ ఒక్కో ప్రశ్న ఒక్కో వీడియో. సెలూన్‌లో వినబడిన ప్రశ్నను, అడిగిన మాటల్లోనే, ఆరోజే ఫోన్‌లో రాసి పెట్టుకుంటే నెలకు సరిపడా ఆలోచనలు పోగవుతాయి. ఒకే సమస్య మీద వరుసగా నాలుగైదు వీడియోలు పెట్టడానికి సంకోచించనక్కర్లేదు. ‘ఈ అమ్మాయి ఫ్రింజ్ బాగా చేస్తుంది’ అని గుర్తుండిపోయేది అలాగే.

ఆ ఫ్రింజ్‌నే, అంటే నుదుటి మీద పడేలా కత్తిరించే జుట్టునే, ఉదాహరణగా తీసుకుందాం. నుదుటి మీద సుడి ఉన్నవారికి ఫ్రింజ్ మధ్యలో చీలిపోతుంది. వారు దాన్ని కత్తిరింపులో లోపమనుకుని ఇంకా పొట్టిగా చేయమంటారు, పొట్టి చేసినకొద్దీ అది మరింత పైకి లేస్తుంది. అసలు కారణం వెంట్రుక మొదలు పెరిగే దిశ. మొదళ్లు తడిగా ఉన్నప్పుడే డ్రయ్యర్ గాలిని పైనుంచి కిందికి పట్టి, వెడల్పైన బ్రష్‌తో జుట్టును ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి లాగుతూ ఆరబెడితే మొదలు ఒకే వైపు వంగే అలవాటు తగ్గుతుంది. తడి జుట్టు సాగుతుంది, ఆరాక కుదించుకుంటుంది కాబట్టి, ఆరిన తరువాతే చివరి కొలత చూసి కత్తిరించాలి. మీ అమ్మాయికి ఇదంతా తెలిసే ఉంటుంది. అది చూసేవారికి తెలియదు. ఆ తేడాలోనే వీడియో ఉంది.

ఈ వీడియో 28 సెకన్లలో ముగియాలి. రీల్స్, షార్ట్స్ ఇంతకంటే చాలా ఎక్కువసేపు అనుమతించినా, ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికి అంత అక్కర్లేదు. మొదటి మూడు సెకన్లు చీలిపోయిన ఫ్రింజ్ దగ్గరగా కనబడాలి, ఆమె గొంతు ‘ఫ్రింజ్ ఇలా చీలిపోతోందా? తప్పు కత్తెరది కాదు, సుడిది’ అనాలి. పలకరింపు, పేరు, లోగో ఏవీ ముందు వద్దు. తరువాతి ఐదు సెకన్లు దువ్వెన మొనతో సుడి తిరిగే దిశను చూపాలి. ఆపై పది సెకన్లు డ్రయ్యర్, బ్రష్. నేర్చుకోవలసినది ఇక్కడే ఉంది కనుక ఈ భాగాన్ని వేగం పెంచి పరుగెత్తించకూడదు. మరో ఐదు సెకన్లు ఆరిన జుట్టు కొసలను కత్తెర మొనతో కొద్దికొద్దిగా కత్తిరించడం. చివరి ఐదు సెకన్లు ఆ మనిషి తల విదిలించాక ఫ్రింజ్ మళ్లీ తన చోటికి రావడం. చాలామంది స్టైలిస్టులు ఈ విదిలింపు తీయరు, కదలకుండా కూర్చోబెట్టి తీస్తారు. చూసేవారికి నమ్మకం కుదిరేది ఆ విదిలింపుతోనే.

తీయడంలో జాగ్రత్తలు మూడే చెబుతాను. ఫోన్‌ను నిలువుగా స్టాండ్ మీద, కూర్చున్నవారి తల ఎత్తులో, కొంచెం పక్కగా పెట్టాలి. అద్దంలో ఇతర కస్టమర్లు కనబడకుండా ముందే చూసుకోవాలి. రెండవది, నల్లని జుట్టు, మెడకు కట్టే నల్లని కేప్ తెరంతా నిండితే ఫోన్ వెలుతురును తానే పెంచేసి జుట్టును వెలిసిపోయినట్టు చూపుతుంది, చేయి అడ్డొచ్చినప్పుడల్లా వెలుతురు మారుతుంది. తెరమీద జుట్టు ఉన్నచోట వేలిని కాసేపు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు అక్కడే నిలిచిపోతాయి. మూడవది, ముందు, తరువాత అనే రెండు దృశ్యాలను ఒకే చోట, ఒకే కిటికీ వెలుగులో, ఒకే కోణంలో తీయాలి. ముందుది పసుపు దీపం కింద, తరువాతది రింగ్ లైట్ ముందు తీస్తే మార్పు దీపానిదో పనిదో ఎవరికీ తెలియదు. రంగు వేసిన జుట్టు విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే పసుపు వెలుగులో చల్లని గోధుమ రంగు కూడా రాగి రంగులా కనబడుతుంది. ఫిల్టర్ వేసిన రంగును చూసి వచ్చినవారు, కుర్చీలోంచి లేచేటప్పుడు ఆ రంగే అడుగుతారు.

ఎడిటింగ్‌ను వారంలో ఒక్క రోజుకు, ముప్పావుగంటకు కట్టడి చేయాలి. సెలూన్ నుంచి వచ్చిన రోజే పది నిమిషాల్లో పనికిరాని క్లిప్‌లు తీసేసి, పనికొచ్చే ఆరేడింటిని ఒక ఆల్బమ్‌లో పెట్టుకుంటే సగం పని అక్కడే తీరుతుంది. నిర్ణయించుకున్న రోజున శబ్దం ఆపేసి ఆ క్లిప్‌లను వరుసలో పెట్టాలి. ప్రతి క్లిప్‌ను చేయి కదలడం మొదలైన చోట ప్రారంభించి, ఆ కదలిక పూర్తయిన చోట తెంచాలి. దువ్వెన కోసం చేయి చాచడం, జుట్టుకు పెట్టే క్లిప్పు వెతుక్కోవడం వంటివన్నీ పోతాయి. జుట్టును పాయలుగా విడదీయడం లాంటి పొడవైన పనిని మాత్రం నాలుగు రెట్ల వేగానికి పెంచవచ్చు. తరువాత గొంతు. డ్రయ్యర్ హోరులో మాట్లాడిన మాట వినబడదు కనుక, తలుపు మూసిన గదిలో ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో పెట్టుకుని, వీడియో చూస్తూ విడిగా చెప్పాలి. డ్రయ్యర్ శబ్దం పూర్తిగా తీసేసి, కత్తెర శబ్దాన్ని సన్నగా ఉంచితే బాగుంటుంది. అక్షరాలు నాలుగైదు మాటలకు మించకుండా తెర పైభాగానికి కాస్త దిగువన పెట్టాలి, ఎందుకంటే కింది భాగాన్ని, కుడి అంచును యాప్ బటన్లు, శీర్షిక కప్పేస్తాయి. వెలుతురు తక్కువైతే ముందు, తరువాత క్లిప్‌లు రెండింటికీ ఒకే మేర పెంచాలి, రంగు గాఢతను ముట్టుకోకూడదు. చివరగా ఒకసారి శబ్దం లేకుండా చూసి, విషయం అర్థమైతే పెట్టేయాలి. మూడోసారి సవరించడానికి కూర్చుందంటే ఆ రాత్రి మళ్లీ అర్ధరాత్రి అవుతుంది.

ఇలా వారానికి రెండు వీడియోలు చాలు. కోర్సు గురించి అడిగారు. పైన చెప్పిన పనికి తెంచడం, వరుసలో పెట్టడం, గొంతు చేర్చడం, అక్షరాలు పెట్టడం అనే నాలుగు వస్తే సరిపోతుంది, అవి రెండు మూడు వీడియోలు చేసేసరికి చేతికి వస్తాయి. కోర్సుకయ్యే డబ్బుతో ఒక గట్టి స్టాండ్ కొనివ్వండి. మిగిలినది ఉంగరాల జుట్టు కత్తిరింపో, రంగు సరిదిద్దడమో, ఆమె చేతిపనిని పెంచే శిక్షణకు ఉంచండి. మూడు వందల మంది గురించి దిగులు పడకండి. రోజుకొకటి చొప్పున తలాతోకా లేకుండా పెట్టిన వీడియోల ఫలితం అది, ఆమె పనితనానికి కొలత కాదు.

ఒకటి మాత్రం మొదటి వీడియోకు ముందే జరగాలి. ఆమె తీయబోయేది యజమాని సెలూన్‌లో, సెలూన్‌కు వచ్చిన మనిషిని. కాబట్టి యజమాని అనుమతి ముందే తీసుకోవాలి. కూర్చున్నవారిని కేప్ కట్టక ముందే ‘మీ జుట్టు మాత్రమే తీస్తాను, ముఖం చూపించాలా వద్దా మీరే చెప్పండి, పెట్టేముందు మీకు చూపిస్తాను’ అని అడగాలి. పిల్లలైతే తల్లిదండ్రులను అడగాలి. పని సగంలో ఉండగా అడిగితే మొహమాటానికి సరేననేవారే ఎక్కువ, అలాంటివారే తరువాత తీసేయమంటారు. వారు తీసేయమన్న రోజున, ఎన్ని వ్యూస్ వచ్చినా, మారు మాట లేకుండా తీసేయాలి. మొదటి రెండు మూడు వారాలు అడగడానికి బెరుకుగా ఉంటే, అమ్మా, ఆ కుర్చీలో మీరు కూర్చోండి.