వాన కురిసి చాయ్ పెట్టొచ్చా?

సందేహం: మా ఆవిడ కోసం నాలుగు పంక్తుల కవిత రాశాను.

సాయంత్రం వాన కురిసి
నేను రెండు కప్పుల చాయ్ పెట్టాను
నీవు ఆఫీసు నుంచి వచ్చుచున్నావు
నా ప్రేమ కూడా మరుగుతోంది

చదివి, “బాగుంది కానీ మొదట్లోనే ఏదో తేడా కొడుతోంది” అంది. “వాన కురిసి రోడ్డు తడిసింది” అంటాం కదా, మరి నా వాక్యంలో తప్పేముంది?
– ఒక పాఠకుడు, నల్లకుంట, హైదరాబాద్

సమాధానం: తేడా మీ ‘కురిసి’లో ఉంది. కురిసి, పెట్టి, వచ్చి, చూసి లాంటి రూపాలను మన వ్యాకరణాల్లో క్త్వార్థకం అంటారు. ఒక పని ముగించి మరో పనికి వెళ్లేటప్పుడు వాడతాం. సాధారణంగా ఆ రెండు పనులూ చేసేది ఒకరే కావాలి. “చాయ్ పెట్టి, కప్పుల్లో పోసి, నీ కోసం చూస్తున్నాను” అనండి, ఎక్కడా అడ్డు తగలదు. పెట్టింది, పోసింది, చూస్తున్నది అంతా మీరే. మీ కవితలో కురిసింది వాన, చాయ్ పెట్టింది మీరు. ‘కురిసి’ దగ్గర చెవి వాన చేసే ఇంకో పని కోసం ఎదురుచూస్తుంది. అక్కడ ‘నేను’ వచ్చి నిలబడితే తడబడుతుంది. పైగా ఆ మాటను పంక్తి చివర పెట్టారు. వచనంలో గబగబా చదువుకుపోయేవాళ్లు పట్టించుకోకపోవచ్చు. కవితలో పంక్తి చివర ఒక క్షణం ఆగుతాం కాబట్టి తేడా ఇంకా గట్టిగా తెలుస్తుంది.

మరి రోడ్డు ఎలా తడిసింది? మీ ప్రశ్నలో అసలు సారం ఇదే. “ఎండలు ముదిరి చెరువులు ఎండిపోయాయి”, “గోడ కూలి ఇద్దరు గాయపడ్డారు” అని పత్రికల్లో రోజూ చదువుతాం. వీటిలోనూ కర్తలు వేరువేరే. అయినా ఇవి తప్పు కావు. మొదటిది కారణం, రెండోది దాని ఫలితం. ఆ ఫలితం దానంతటదే జరిగింది, ఎవరూ కావాలని చేయలేదు. రోడ్డు తడవాలని అనుకోదు, చెరువు ఎండాలని అనుకోదు. చాయ్ పెట్టడం అలాంటిది కాదు. ఎవరో ఒకరు లేచి వంటింట్లోకి వెళ్లి స్టవ్ వెలిగించాలి.

కాబట్టి అనుమానం వచ్చినప్పుడల్లా రెండో క్రియను చూడండి. అది ‘జరిగిందా’, ‘చేశారా’ అని అడగండి. “వాన కురిసి చాయ్ చల్లారింది” పర్వాలేదు, చల్లారడం జరిగేదే. “వాన కురిసి చాయ్ పెట్టాను” కుదరదు. అలాగే “వాన కురిసి నిన్ను తలుచుకున్నాను” అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది, తలుచుకోవడం మనం చేసే పని. “వాన కురిసి నువ్వు గుర్తొచ్చావు” అంటే అంతగా గుచ్చుకోదు. గుర్తు రావడం మన చేతిలో లేదు. అయినా అక్కడ కూడా నేనైతే ‘కురిస్తే’ అనే రాస్తాను.

దీన్ని సరిచేద్దామని కొందరు ‘కురుస్తూ’ అని మారుస్తారు. అది మరీ ఇబ్బంది. “వాన కురుస్తూ చాయ్ పెట్టాను” అంటే వానే ఒక పక్క కురుస్తూ ఇంకో పక్క స్టవ్ దగ్గర నిలబడ్డట్టుంటుంది. ఆ ‘-తూ’ రూపం కూడా ఒకే కర్తను కోరుతుంది. “నీ దారి చూస్తూ చాయ్ పెట్టాను” అన్నచోట అది చక్కగా ఒదుగుతుంది.

కర్తలు వేరైనప్పుడు మనకు అక్కరకొచ్చేది ‘-తే’ రూపం. వాన ఎవరిది, చాయ్ ఎవరిది అని అది పట్టింపు పెట్టుకోదు. కాకపోతే దాని పక్కన ఏ క్రియ పెడుతున్నారో చూసుకోవాలి. “వాన కురిస్తే చాయ్ పెడతాను” అంటే ఎప్పుడు కురిసినా పెడతానని, అది మీ అలవాటని అర్థం. “వాన కురిస్తే చాయ్ పెట్టాను” అంటే ఒకసారి జరిగిన సంగతి. “వాన కురుస్తుంటే చాయ్ పెట్టాను” అంటే కిటికీ అవతల వాన ఇంకా ఆగలేదు. “వాన వెలిశాక చాయ్ పెట్టాను” అంటే ఆమె ఎక్కడో షెడ్డు కింద నిలబడి, ఇప్పుడే బయల్దేరి ఉంటుందన్న ఊహ కూడా వస్తుంది. “వాన కురిసినా వచ్చావు” అంటే అడ్డంకిని దాటి వచ్చిందని ఆమెకు దక్కే మెచ్చుకోలు. ఇలాంటి చిన్న కవితలో భావం విశేషణాల కంటే ఈ చివరి అక్షరాల్లోనే ఎక్కువగా ఉంటుంది. మీ సందర్భానికి ‘కురుస్తుంటే’ సరిపోతుంది. ఆమె ఇంకా దారిలోనే ఉంది కదా.

మీరు అడగకపోయినా మూడో పంక్తి గురించి ఒక మాట. చాయ్ అన్న నోటితోనే ‘వచ్చుచున్నావు’ అనకండి. అది గ్రాంథికం. ఇంట్లో ఆవిడతో అలా మాట్లాడరు కదా. ‘నీవు’ తప్పేమీ కాదు గానీ మిగతా మాటల పక్కన బిగుసుకుని కూర్చుంది. అసలు ‘నేను’, ‘నీవు’ రెండూ తీసేయొచ్చు. ‘పెట్టాను’ అనగానే నేననీ, ‘వస్తావు’ అనగానే నువ్వనీ క్రియే చెబుతుంది. ఇద్దరి మధ్య మాటల్లో ఈ సర్వనామాలు ఎంత తగ్గితే అంత దగ్గరగా వినిపిస్తుంది.

నాలుగో పంక్తి మాత్రం నాకు నచ్చలేదు. తెలుగులో చాయ్ మరుగుతుంది, పాలు మరుగుతాయి, కోపం వస్తే రక్తం మరుగుతుంది. ప్రేమను ఆ వరుసలో నిలబెడితే ఆవిడ మీద ఏదో కోపంగా ఉన్నట్టు ధ్వనిస్తుంది. ‘ప్రేమ’ అనే మాట లేకుండా మీరు చేసిన ఇంకో చిన్న పని చెప్పండి చాలు. నేనైతే ఇలా దిద్దుతాను:

సాయంత్రం వాన కురుస్తుంటే
రెండు కప్పుల చాయ్ పెట్టాను.
ఆఫీసు నుంచి తడుస్తూ వస్తావు,
నీ కప్పు మూత పెట్టి ఉంచాను.

ఇందులో మూడు రూపాలూ వాటి వాటి చోట ఉన్నాయి. వాన, మీరు వేరు కాబట్టి ‘కురుస్తుంటే’. తడిసేదీ వచ్చేదీ ఆమే కాబట్టి ‘తడుస్తూ’. మూత పెట్టిందీ ఉంచిందీ మీరే కాబట్టి ‘పెట్టి’.

మీరు ఇంట్లో తెలంగాణ తెలుగు మాట్లాడితే కవిత కూడా అందులోనే రాయండి:

పొద్దుమీకి వాన పడుతుంటే
రెండు కప్పుల చాయ్ పెట్టిన.
ఆఫీసు నుంచి తడుసుకుంట వస్తవ్,
నీ కప్పు మూత పెట్టి ఉంచిన.

‘-తూ’ ఉన్నచోట ‘-కుంట’ వచ్చింది తప్ప కర్తల లెక్క మారలేదు. ఒక్క జాగ్రత్త. ఈ మాట అలవాటు లేనివాళ్లకు ‘పెట్టిన’ అనగానే ‘నేను పెట్టిన చాయ్’లోని ‘పెట్టిన’ గుర్తొచ్చి, వాక్యం ఇంకా ఉందేమో అనిపిస్తుంది. అందుకే దాన్ని పంక్తి చివర ఉంచి చుక్క పెట్టాను. ‘పెట్టిన’ అని మొదలుపెట్టి ‘వస్తావు’, ‘ఉంచాను’ అని మాత్రం కలపకండి. ఆవిడకు ఏ తెలుగులో చెబితే నవ్వొస్తుందో మీకే బాగా తెలుసు, దాన్ని చివరిదాకా నడపండి.