నెలకి పది డాలర్ల ఫోన్, చివరికి కట్టింది 660

ప్రశ్న: అమెరికాలో రూమ్మేట్స్‌తో కలిసి ఫ్యామిలీ ప్లాన్‌లో ఉన్నాను. పాత ఫోన్ ఇచ్చి కొత్తది నెలకి 10 డాలర్ల మీద తీసుకున్నా. ఇంకా 20 నెలలుంది. వచ్చే నెల ఇండియా వచ్చేస్తున్నా. లైన్ క్యాన్సిల్ చేసి 200 కట్టేస్తే సరిపోతుందా?

జవాబు:

సరిపోదండీ. నేను డాలస్ నుంచి వచ్చేసేటప్పుడు సరిగ్గా ఇదే లెక్క వేసుకుని బోల్తా పడ్డాను. 220 కట్టాలి అనుకుంటే బిల్లు 660 వచ్చింది. ఏదో మోసం జరిగిందని గంటసేపు కస్టమర్ కేర్ లైన్లో ఉండి గొడవపడ్డాను. తర్వాత పాత బిల్లులన్నీ ముందేసుకుని చూస్తే తప్పు నా లెక్కలోనే ఉంది.

మీ బిల్లు పీడీఎఫ్ తెరిచి మీ లైన్ దగ్గర చూడండి. "10 డాలర్లు" అనే పద్దు అసలు కనపడదు. రెండు పద్దులు ఉంటాయి. నా బిల్లులో ఒకటి ఫోన్ ఇన్‌స్టాల్‌మెంట్, 36లో 14వది, 30 డాలర్లు. దాని కిందే మైనస్ గుర్తుతో ప్రమోషన్ క్రెడిట్, 20 డాలర్లు. ఈ రెండూ కలిస్తే మనకి పది కనిపిస్తుంది. అంటే ఆ ఫోన్ ధర 1080, దాన్ని నేను పూర్తి ధరకే అప్పుగా కొన్నాను. పాత ఫోన్ ఇచ్చినందుకు వాళ్లు ఇస్తామన్న 720 డిస్కౌంట్ కొన్న రోజున ఇవ్వలేదు, నెలకి 20 చొప్పున మూడేళ్లు పంచి పెట్టారు. లైన్ ఉన్నన్నాళ్లే ఆ క్రెడిట్. లైన్ పోతే మిగిలిన 22 నెలల క్రెడిట్, అంటే 440, పోతుంది. అప్పు మాత్రం 22 ముప్పైలు 660 అలాగే ఉంటుంది, అదీ వాయిదాలుగా కాదు, ఆఖరి బిల్లులో ఒకేసారి. పాత ఫోన్ ఎలాగూ తిరిగి రాదు.

కొన్న రోజున స్టోర్‌లో టాక్స్ కట్టిన రసీదు మీ దగ్గరుంటే అది చూసినా విషయం తెలిసిపోతుంది. నాకు 8.25 శాతం చొప్పున 89 డాలర్ల 10 సెంట్లు పడింది. అది 1080 మీద టాక్స్, 360 మీద కాదు. ఆ రోజే అర్థం కావాల్సింది, కొత్త ఫోన్ చేతిలో ఉన్నప్పుడు రసీదు ఎవరు చదువుతారు!

ఇప్పుడు అసలు ఆలోచించాల్సిన విషయం. క్యాన్సిల్ చేయాలా వద్దా అన్నది ఫోన్ లెక్క ఒక్కటే చూసి తేల్చకండి, ఫ్యామిలీ ప్లాన్‌లో మీ లైన్ తీసేస్తే మొత్తం బిల్లు ఎంత తగ్గుతుందో చూడండి. మాది నాలుగు లైన్లు, లైనుకి 35 చొప్పున 140. నేను వెళ్లిపోయాక మూడు లైన్లకి రేటు మారి లైనుకి 45, మొత్తం 135 అయింది. నా లైన్ తీసేస్తే తగ్గింది ఐదంటే ఐదు డాలర్లు! అంటే లైన్ అలాగే ఉంచి ఉంటే నెలకి ఆ ఐదు, ఫోన్‌కి పది, కలిపి 15 చొప్పున 22 నెలలకి 330 అయ్యేది. నేను 660 కట్టాను. పైగా నా వల్ల మిగతా ముగ్గురికీ తలా పది డాలర్లు పెరిగింది, ఆ విషయం వాళ్లు ఇప్పటికీ గుర్తుచేస్తుంటారు. మీరు ఒక్కరే ఒక లైన్ ప్లాన్‌లో ఉండుంటే లెక్క తిరగబడేది. 20 డాలర్ల క్రెడిట్ కోసం నెలనెలా యాభై, అరవై ప్లాన్‌కి కట్టడం దండగ, అప్పుడు తెంచుకోవడమే మంచిది.

మరి లైన్ ఉంచేసి ఫోన్ తెచ్చుకుంటే పోలేదా అంటే, అక్కడే ఉంది మెలిక. చాలా కంపెనీలు బాకీ పూర్తిగా తీరేదాకా ఫోన్ అన్‌లాక్ చేయవు. ఇండియా సిమ్ వేస్తే పనిచేయదు. ఐఫోన్ అయితే Settings > General > About లోకి వెళ్లి Carrier Lock దగ్గర చూడండి, "No SIM restrictions" అని ఉంటేనే ఇక్కడ పనికొస్తుంది.

నా తర్వాత ఆరు నెలలకి వచ్చేసిన మా రూమ్మేట్ నాకంటే తెలివిగా చేశాడు. ఆగస్టులో కొత్తగా చదువుకోడానికి వచ్చిన ఒక అబ్బాయికి ఫోన్, లైన్ రెండూ అప్పగించాడు. ఆ అబ్బాయి మా రూమ్మేట్‌కి 250 డాలర్లు ఇచ్చి, నెలనెలా ప్లాన్ వాటా, ఫోన్ పది డాలర్లు కట్టుకుంటున్నాడు. లైన్ అదే అకౌంట్‌లో ఉండిపోయింది కాబట్టి క్రెడిట్లు ఆగలేదు. ఒక్క జాగ్రత్త. బాకీ ఎప్పుడూ అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ల నెత్తినే. ఆ అబ్బాయి కట్టకపోతే కంపెనీ అడిగేది అకౌంట్ ఓనర్‌నే. అందుకని ఓనర్ ఒప్పుకుంటేనే ఈ పని పెట్టుకోండి.

ఇంకో దారి, ఫోన్ బాకీ మొత్తం ఇప్పుడే కట్టేసి అన్‌లాక్ చేయించుకుని, లైన్ మాత్రం ఉంచడం. కొన్ని ఆఫర్లలో అలా చేసినా క్రెడిట్లు వస్తూనే ఉంటాయి, కొన్నింటిలో కట్టిన రోజే ఆగిపోతాయి. మీ ఆఫర్ ఏ రకమో చాట్‌లో అడిగి, జవాబు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఫోన్లో చెప్పిన మాటకి తర్వాత విలువుండదు, నాకు ఇద్దరు రెండు రకాలుగా చెప్పారు.

క్యాన్సిల్ చేయడమే ఖాయం అయితే వరస మాత్రం తప్పకండి. ముందు ఫోన్ బాకీ కట్టండి. డబ్బు చేరినట్టు కనిపించాక అన్‌లాక్ రిక్వెస్ట్ పెట్టండి. దానికి IMEI నంబర్ అడుగుతారు, `*#06#` నొక్కితే వస్తుంది. ఇదంతా ఫ్లైట్‌కి కనీసం పది రోజుల ముందు అవ్వాలి, ఎందుకంటే వెరిఫికేషన్ కోడ్లన్నీ ఆ అమెరికా నంబర్‌కే వస్తాయి. నంబర్ వేరే చోటికి మార్చుకోవాలనుంటే లైన్ బతికుండగానే పోర్ట్ చేయండి. పోర్ట్ అయిన క్షణం పాత కంపెనీలో లైన్ దానంతటదే క్యాన్సిల్ అవుతుంది. నేను "నంబరే కదా మారుస్తున్నా, క్యాన్సిల్ చేయమని అనలేదుగా" అనుకుని బ్యాంకు ఓటీపీల కోసం పోర్ట్ చేశాను. ఆ 660 వచ్చింది ఆ దెబ్బకే.

ప్లాన్ డబ్బు నెలకి ముందుగా తీసుకుంటారు, మధ్యలో మానేస్తే మిగతా రోజులకి చాలా చోట్ల తిరిగివ్వరు. అందుకే బిల్లింగ్ సైకిల్ ముగిసే రెండు, మూడు రోజుల ముందు పెట్టుకోండి. ఆఖరి బిల్లు మీరు ఇండియా చేరాక వస్తుంది. ఆటోపేకి ఇచ్చిన బ్యాంకు అకౌంట్‌ని అప్పుడే మూసేయకండి, ఓ రెండు నెలలు కొంచెం డబ్బుతో ఉంచండి. మీది ఫ్యామిలీ ప్లాన్ కాబట్టి అది కట్టకుండా వదిలేస్తే బాకీ కలెక్షన్ ఏజెన్సీకి వెళ్లేది అకౌంట్ ఓనర్ అయిన మీ రూమ్మేట్ పేరు మీద.