నెలనెలా వచ్చే డబ్బు, ఐదేళ్ల చివర వచ్చే డబ్బు

ప్రశ్న: ఒక చిన్న వ్యాపారం కొనాలనుకుంటున్నాను. ఖర్చులు పోను ఏటా 10 లక్షలు మిగులుతుంది, అది నెలనెలా సమంగా వస్తుంది. ఐదేళ్ల చివర 40 లక్షలకు అమ్ముకోగలను. 12 శాతం డిస్కౌంట్ రేటుతో నాకు నేటి విలువ సుమారు 58.7 లక్షలు వచ్చింది. అమ్మేవారు మాత్రం ‘ఏడాది మధ్య పద్ధతి’లో 62.17 లక్షలని చూపిస్తున్నారు. ఎవరి లెక్క సరైనది?

జవాబు: ఇద్దరిదీ కాదు. సరైన అంకె 60.85 లక్షలు.

మొదట మీ పొరపాటు. ఏడాది పొడవునా వచ్చే 10 లక్షలు డిసెంబరు 31న ఒకేసారి చేతికి వచ్చినట్టు లెక్కించారు. జనవరిలో వచ్చిన డబ్బు కోసం మీరు పన్నెండు నెలలు ఆగలేదు కదా! కొంత ముందూ కొంత వెనుకా వచ్చే డబ్బు సగటున ఏడాది మధ్యలో వచ్చినట్టే. అందుకే మొదటి ఏడాదికి 1కి బదులు 0.5, రెండో ఏడాదికి 1.5, చివరి ఏడాదికి 4.5 ఏళ్ల డిస్కౌంట్ వేయాలి. ప్రతి మొత్తమూ అర ఏడాది ముందుకు జరుగుతుంది కాబట్టి, మామూలు విలువను 1.12 వర్గమూలంతో, అంటే 1.0583తో గుణిస్తే చాలు. మీ 58.7 లక్షల్లో ఐదేళ్ల రాబడి వాటా 36.05 లక్షలు, అది 38.15 అవుతుంది. స్ప్రెడ్‌షీటులో ఏటా వచ్చే మొత్తాలు B2 నుంచి B6 వరకు ఉంటే సూత్రం ఇది:

```
=NPV(12%,B2:B6)*(1+12%)^0.5
```

అమ్మేవారు ఇంతవరకు సరిగ్గానే చేశారు. అమ్మకం ధరను కూడా ఇదే గుణకంలోకి లాగడమే వారి తప్పు. ఆ 40 లక్షలు ఏడాది పొడవునా రావు, ఐదో ఏడాది చివర ఒకేసారి వస్తాయి. దానికి పూర్తి 5 ఏళ్ల డిస్కౌంట్ వేస్తే 22.70 లక్షలు. 4.5 ఏళ్లకే ఆపితే 24.02 అవుతుంది. మీరు అదనంగా చెల్లించబోయేది ఈ 1.32 లక్షలే. వారి షీటులో అమ్మకం ధర ఉన్న గడి కూడా పై సూత్రం పరిధిలో చేరిందేమో చూడండి. ఈ తప్పు దాదాపు ఎప్పుడూ అక్కడే దొరుకుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దయచేసి జాగ్రత్తగా చదవండి. వ్యాపారాన్ని అమ్మకుండా ఎప్పటికీ నడుపుతారనుకుందాం. అప్పుడు ఐదేళ్ల తర్వాతి విలువను 10 ÷ 0.12 = 83.33 లక్షలుగా కడతాం. దీనికి మాత్రం 4.5 ఏళ్ల డిస్కౌంటే సరైనది, ఎందుకంటే ఆరో ఏడాది నుంచి వచ్చే డబ్బు కూడా సమంగానే వస్తుంది. అలా చేస్తే 50.04 లక్షలు. దానికి 38.15 కలిపితే 88.19. 83.33ను నేరుగా 1.0583తో గుణించినా అంతే వస్తుంది కాబట్టి లెక్క కుదిరినట్టే. 5 ఏళ్లు వేస్తే ఈ రెండూ కలవవు.

ఒప్పందానికి ముందు గత రెండేళ్ల బ్యాంకు ఖాతా వివరాలు తీసుకుని నెలవారీ జమలను చూడండి. ‘సమంగా’ అన్న మాట లాభం గురించి కాదు, చేతికి వచ్చిన నగదు గురించి. రాబడిలో ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే పడుతుంటే 0.5 వాడకండి. ఆ డబ్బు సగటున పదో నెల తర్వాతే వస్తుంది కాబట్టి అప్పుడు మీ పాత లెక్కే నిజానికి దగ్గరగా ఉంటుంది.