ఇంటర్వ్యూ మెయిల్‌లో ఏర్పాట్ల గురించి అడిగితే ఎవరూ బదులివ్వట్లేదు, ఎలా రాయాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక హాస్పిటల్ హెచ్ఆర్‌లో కొత్తగా చేరానండి. అకౌంట్స్ అసిస్టెంట్ పోస్టులకు ఇంటర్వ్యూ మెయిల్స్ నేనే పంపాలి. ఫార్మాట్, ప్యానెల్, తెచ్చుకోవాల్సిన సర్టిఫికెట్లు రాసి, చివర్లో "ప్రత్యేక అవసరాలు ఉంటే తెలుపగలరు" అని పెడుతున్నా. దానికి ఒక్కరూ జవాబివ్వరు. తీరా ఇంటర్వ్యూ రోజున ఇబ్బందులు బయటపడుతున్నాయి. రిమైండర్ ఎప్పుడు పంపితే మంచిది? దాంట్లో ఏం రాయాలి?

జవాబు:

నేను ఒక డయాగ్నస్టిక్స్ సంస్థలో చాలాకాలం ఈ మెయిల్స్ పంపే పనే చేశానండి. మీ చివరి లైనుకు జవాబు రాకపోవడానికి అసలు కారణం దానికి పైన మీరు రాసినదాంట్లో ఉండి ఉంటుంది. "రాత పరీక్ష, ఆ తర్వాత ఇంటర్వ్యూ" అని వదిలేస్తే పరీక్ష కాగితం మీదో, కంప్యూటర్ మీదో తెలియదు. నిలబడి ఏమైనా చేసి చూపించాలా, ఎంతసేపు కూర్చోవాలి, ఏ అంతస్తుకు ఎక్కాలి, ఇవేవీ తెలియవు. చూపు తక్కువున్నవాళ్లకి కాగితం పరీక్షైతే పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం కావాలి, కంప్యూటరైతే తెర మీది అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కావాలి. ఏది అడగాలో తెలియనప్పుడు మనిషి అడగకుండానే ఊరుకుంటాడు.

కాబట్టి ముందు ఫార్మాట్ విప్పి చెప్పండి. ఏర్పాట్ల ప్రశ్న ఆ వెంటనే, అదే పేరాలో రావాలి. సర్టిఫికెట్ల జాబితా కింద, సంతకానికి పైన పెడితే ఎవరి కంటా పడదు.

ఒక ఉదాహరణ చెప్తా. మా దగ్గర అకౌంట్స్ పోస్టుకు పరీక్ష ఎక్సెల్‌లో, 45 నిమిషాలు. మెయిల్‌లో అంత వివరంగా రాశాం కాబట్టే చూపు బాగా తక్కువున్న ఒకమ్మాయి, "మీ సిస్టంలో NVDA ఉందా? లేకపోతే నా ల్యాప్‌టాప్ తెచ్చుకోవచ్చా?" అని సూటిగా అడిగింది. NVDA ఉచితంగా దొరికే స్క్రీన్ రీడరే. పెన్‌డ్రైవ్ నుంచి నడిచే పోర్టబుల్ కాపీ కూడా చేసుకోవచ్చు. కానీ మా సిస్టముల్లో యూఎస్‌బీ పోర్టులు మూసేసి ఉన్నాయి, ఇన్‌స్టాల్ చేయాలంటే ఐటీ వాళ్ల అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. ఆ సంగతి ఇంటర్వ్యూ ఉదయం తెలిసి ఉంటే చేయగలిగిందేమీ లేదు. ముందే తెలిసింది కాబట్టి ఐటీ వాళ్లు వచ్చి వేసి వెళ్లారు.

అక్కడితో అయిపోలేదు. ప్రశ్న ఫైల్ తెరిచి చూస్తే "పసుపు రంగు గడులు నింపండి" అని ఉంది. స్క్రీన్ రీడర్ వాడే మనిషికి పసుపు ఎక్కడుందో ఎవరు చెప్తారు? "D5 నుంచి D12 వరకు నింపండి" అని మార్చి, కలిపేసిన గడులన్నీ విడదీశాం. పక్కవాళ్లకి చప్పుడు వినపడకుండా ఇయర్‌ఫోన్స్, చివరి సీటు ఇచ్చాం. సమయం సంగతికొస్తే, ప్రభుత్వ రాత పరీక్షల కోసం 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం అని ఉంది. అది ప్రైవేటు ఇంటర్వ్యూ కోసం రాసింది కాదు గానీ కొలతగా పనికొస్తుంది. ఆ లెక్కన 45 నిమిషాలకు 15 కలిపి గంట ఇచ్చాం. ఫైల్ మార్పు మాత్రం అందరికీ అదే ఉంచేశాం, ఎందుకంటే మిగతావాళ్లకీ అదే తేలిక.

ఇక ప్రశ్న అడిగే తీరు. "మీకు వైకల్యం ఉందా?" అని అడక్కండి. ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో ఉన్నా లేదంటారు. పరీక్షలోగానీ ఇంటర్వ్యూలోగానీ ఏ ఏర్పాటు కావాలో అడగండి, పక్కనే నాలుగు ఉదాహరణలు ఇవ్వండి. ఉదాహరణలు చూస్తేనే "ఓహో, ఇది కూడా అడగొచ్చన్నమాట" అని తెలుస్తుంది. నెలలు నిండుతున్న ఒకావిడ మెట్ల గురించి అడిగింది అలాంటి లైను చూసే. ఆ సమాచారం ఎవరు చూస్తారో, ఏ తేదీలోగా చెప్పాలో కూడా రాయండి. సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్ కావాలంటే రెండు రోజుల్లో దొరకడం కష్టం. అందుకే మొదటి మెయిల్ కనీసం వారం, వీలైతే పది రోజుల ముందు వెళ్లాలి. ఏర్పాటు అడిగినవాళ్లని సదరం సర్టిఫికెట్ పంపమనకండి. రిజర్వుడు పోస్టైతే అది వేరే సంగతి. ఒక కుర్చీ మార్చడానికి సర్టిఫికెట్ ఎందుకు?

చట్టం మాటకొస్తే, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రతి సంస్థకూ సమాన అవకాశాల పాలసీ ఉండాలి. 20 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ ఆ పాలసీలో దివ్యాంగుల నియామకాలు చూసే లైజాన్ ఆఫీసర్ సంగతి కూడా పెట్టాలని 2017 రూల్స్‌లో ఉంది. మీ హాస్పిటల్‌లో అలాంటి ఆఫీసర్ ఉన్నారో లేదో మీ మేనేజర్ని అడగండి. ఉంటే మెయిల్‌లో సంప్రదించాల్సిన మనిషి ఆ ఆఫీసరే.

మెయిల్ పంపే తీరులో ఒక పెద్ద చిక్కుంది. మన దగ్గర చాలాచోట్ల లెటర్‌హెడ్ మీద ప్రింట్ తీసి, సంతకం, స్టాంపు వేసి, స్కాన్ చేసి "అటాచ్‌మెంట్ చూడండి" అని పంపుతారు. అది బొమ్మ. స్క్రీన్ రీడర్‌కి అందులో అక్షరం ఉండదు, ఫోన్లో చూసేవాళ్లు అటూఇటూ జరుపుకుంటూ చదవాలి. అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు పీడీఎఫ్ అయితే మరీ అన్యాయం, కాపీ చేసి చూడండి, పిచ్చి గీతలొస్తాయి. స్క్రీన్ రీడర్ చదివేదీ అదే. విషయమంతా మెయిల్ బాడీలోనే మామూలు యూనికోడ్ అక్షరాల్లో ఉండాలి. స్టాంపు కాపీ కావాలంటే అదనంగా పెట్టుకోండి.

నేను వాడిన మెయిల్ దాదాపు ఇలా ఉండేది. మేం ఇంగ్లీషులో పంపేవాళ్లం, మీ కోసం తెలుగులో రాస్తున్నా:

> సబ్జెక్ట్: అకౌంట్స్ అసిస్టెంట్ ఇంటర్వ్యూ – జూన్ 18, గురువారం, ఉదయం 10 గంటలు
>
> నమస్తే (పేరు) గారూ,
>
> మీ ఇంటర్వ్యూ జూన్ 18, గురువారం. ఉదయం 9:45కి రిసెప్షన్‌కి వస్తే చాలు. మధ్యాహ్నం 1 గంటకల్లా అయిపోతుంది.
>
> ముందు మా కంప్యూటర్ మీద ఎక్సెల్ పరీక్ష, 45 నిమిషాలు. తర్వాత ముగ్గురితో అరగంట ముఖాముఖి: ఫైనాన్స్ మేనేజర్ (పేరు), బిల్లింగ్ ఇన్‌చార్జ్ (పేరు), హెచ్ఆర్ నుంచి నేను. తెలుగులోగానీ ఇంగ్లీషులోగానీ మాట్లాడొచ్చు. గది రెండో అంతస్తులో ఉంది, లిఫ్ట్ ఉంది, గేటు దగ్గర మూడు మెట్లున్నాయి.
>
> ఇందులో మీకు ఏదైనా ఏర్పాటు కావాలంటే, ఉదాహరణకు స్క్రీన్ రీడర్, అదనపు సమయం, ఇంటర్‌ప్రెటర్, మెట్లు లేని దారి, మధ్యలో విరామం, జూన్ 12లోగా ఈ మెయిల్‌కే జవాబివ్వండి. కారణం చెప్పనక్కర్లేదు. మీ జవాబు నేను మాత్రమే చూస్తాను. ఏర్పాటుకు అవసరమైనంత వరకే సంబంధిత సిబ్బందికి చెప్తాను. మార్కులతో దీనికి సంబంధం లేదు.
>
> తెచ్చుకోవాల్సినవి: ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, టెన్త్ మెమో, డిగ్రీ సీఎంఎం, ప్రొవిజనల్, పని చేసి ఉంటే రిలీవింగ్ లెటర్. ఒరిజినల్స్ చూసి అక్కడే తిరిగి ఇచ్చేస్తాం. కాలేజీలో ఉండిపోతే జిరాక్స్ తెచ్చి ఆ సంగతి చెప్పండి.
>
> ఇంటర్వ్యూకి ఎలాంటి ఫీజూ లేదు. సందేహాలకు ఈ మెయిల్ లేదా వాట్సాప్ (నంబరు).

ఒరిజినల్స్ గురించి అంత ప్రత్యేకంగా రాయడానికి కారణం మీకూ తెలిసే ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని కాలేజీలు సర్టిఫికెట్లు ఆపేస్తే, "ఒరిజినల్స్ తప్పనిసరి" అన్న ఒక్క ముక్క చూసి మంచి క్యాండిడేట్లు రావడం మానేస్తారు. ఇంకో భయం, కంపెనీ ఒరిజినల్స్ పెట్టేసుకుంటుందేమోనని. మెయిల్‌లో ఆధార్ కాపీ పంపమని మాత్రం ఎవర్నీ అడక్కండి, ఇంటర్వ్యూ దశలో దాంతో మనకి పనిలేదు. ఫీజు లేదన్న లైను నకిలీ ఉద్యోగాల బెడద వల్ల. మెయిల్ కూడా సంస్థ డొమైన్ నుంచే వెళ్లాలి, జీమెయిల్ నుంచి వెళ్తే అనుమానిస్తారు, అది న్యాయమే. జవాబు తీసుకోని నోరిప్లై అడ్రస్ నుంచి పంపితే పై ప్రశ్నంతా దండగ.

ప్యానెల్ సంగతి క్లుప్తంగా. పేరు, హోదా చాలు. వినికిడి తక్కువున్నవాళ్లకి ఎంతమంది మాట్లాడతారన్నదే ముఖ్యం, ముగ్గురూ ఒకేసారి మాట్లాడితే పెదాలు చదవడం కుదరదు. ప్యానెల్‌కి కూడా ఏర్పాటు ఏంటో మాత్రమే చెప్పండి, "ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి, ముఖానికి మాస్క్ వద్దు" అని. ఎందుకన్నది వాళ్లకి అవసరం లేదు.

ఇక రిమైండర్. ముందురోజు ఉదయం 10, 11 మధ్య పంపండి. రాత్రి పంపితే ఏదైనా లోటుంటే సరిచేసుకునే టైం ఎవరికీ ఉండదు. కొత్త మెయిల్ కాకుండా పాత మెయిల్‌కే రిప్లైగా పంపితే వివరాలన్నీ కింద ఉంటాయి. అందులో నాలుగు లైన్లు చాలు: రేపు ఎన్నింటికి, ఎక్కడికి, మారినవి ఏమైనా ఉన్నాయా, ఆ మనిషి అడిగిన ఏర్పాటు సిద్ధమైందా. చివరిది తప్పకుండా ఉండాలి. అందరికీ ఒకే రిమైండర్ గుంపుగా పంపితే, స్క్రీన్ రీడర్ అడిగిన అమ్మాయి రాత్రంతా "వేశారో లేదో" అనుకుంటూ ఉంటుంది. "NVDA వేశాం, ఇయర్‌ఫోన్స్ ఉన్నాయి, మీ సమయం గంట" అని తనకి విడిగా రాయాలి. ఫోన్ చేసి గుర్తుచేసే అలవాటుంటే, వినికిడి సమస్య చెప్పినవాళ్లకి మెసేజ్ పెట్టండి.

క్యాలెండర్ ఇన్వైట్ కూడా పంపుతుంటే రెండు జాగ్రత్తలు. ఒకే ఇన్వైట్‌లో అందరినీ చేర్చితే గెస్టుల జాబితాలో ఒకరి మెయిల్ ఐడీ ఇంకొకరికి కనిపిస్తుంది, అందుకని ఒక్కొక్కరికి విడిగా పెట్టాలి. ప్యానెల్ వాళ్లనీ అందులోనే చేరిస్తే వివరణ వాళ్లూ చదువుతారు కాబట్టి ఏర్పాట్ల ఊసు అక్కడ రాయకూడదు. టైం మారితే పాత ఇన్వైట్‌నే సవరించండి, కొత్తది పంపితే ఫోన్లో రెండు టైములు కనిపిస్తాయి.

అడిగిన ఏర్పాటు చేయలేకపోతే ఆ సంగతి రిమైండర్ దాకా ఆపకండి. అదే రోజు జవాబు రాసి, వీలైన ప్రత్యామ్నాయం చెప్పండి. మాకు ఒకసారి ఇంటర్‌ప్రెటర్ ఆ తేదీకి దొరకలేదు. తేదీ మార్చమంటారా, లేక ప్రశ్నలన్నీ టైపు చేసి చూపిస్తూ ఇంటర్వ్యూ చేయమంటారా అని ఆ అబ్బాయినే అడిగాం. తేదీ మార్చమన్నాడు, వారం వెనక్కి జరిపాం.